రేటు 103 అన్నారు, మరి ఆ నాలుగు వేలు ఎందుకు పట్టారు?

హనుమకొండలో ఉండే మా మామ రిటైర్డ్ టీచర్. మొన్న నవంబర్ చివర్లో మొదటిసారి ప్రభుత్వ బాండ్ కొన్నాడు. సాయంత్రం ఫోన్ చేసి అడిగిన మొదటి మాట: ‘అల్లుడా, రేటు నూటికి 103 రూపాయల 20 పైసలు అని చూపెట్టిండ్రు. రెండు లక్షల బాండుకు 2,06,400 కావాలె. అకౌంట్ల నుంచి 2,10,389 పోయినయ్. నాలుగు వేలు ఎటు పోయినయ్?’

మోసమేమీ జరగలేదు. కానీ ఆయన కోపంలో న్యాయం ఉంది. తెర మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది ఒక ధర, ఖాతాలోంచి పోయేది ఇంకో ధర. మొదటిది క్లీన్ ప్రైస్, రెండోది డర్టీ ప్రైస్. ఈ రెండింటి మధ్య తేడా అప్పటిదాకా పోగైన వడ్డీ, అంటే అక్రూడ్ ఇంట్రెస్ట్. (‘డర్టీ’ అని ఎవరు పేరు పెట్టారో గానీ, అందులో మురికి ఏమీ లేదు.)

ఆయనకు బాండ్ పేరు పక్కన పెట్టి ప్రామిసరీ నోటు సంగతి గుర్తుచేశాను. మన దగ్గర నూటికి రెండు రూపాయల మిత్తికి లక్ష అప్పిచ్చినవాడు, మూడు నెలల పది రోజుల తర్వాత డబ్బు అవసరపడి ఆ నోటును ఇంకొకరికి రాసిస్తాడనుకుందాం. కొనేవాడు లక్ష ఇస్తే సరిపోదు. నెలకు రెండు వేల చొప్పున మూడు నెలలకు ఆరు వేలు, పది రోజులకు మరో 667 రూపాయలు కూడా లెక్కగట్టి ఇవ్వాలి. ఎందుకంటే రేపు అప్పు తీసుకున్నవాడు మొత్తం మిత్తిని కొత్తవాడి చేతిలోనే పెడతాడు. పాతవాడు అప్పటిదాకా కాచుకుని ఉన్న రోజుల డబ్బు పాతవాడికి చేరాలి కదా. ‘గిది తెల్వదా నాకు’ అన్నాడు మామ. తెలిసిన లెక్కే, కొత్త చొక్కా వేసుకుని వచ్చింది.

ఇప్పుడు ఆయన కొన్న బాండ్ లెక్క చూద్దాం. అది 2033 ఆగస్టు 14న తీరే 7.18 శాతం ప్రభుత్వ బాండ్. ఏటా ఫిబ్రవరి 14న, ఆగస్టు 14న వడ్డీ వస్తుంది. రెండు లక్షల ముఖవిలువకు ప్రతిసారీ 7,180 రూపాయలు. ఆయన ఆర్డర్ పెట్టింది శుక్రవారం, సెటిల్‌మెంట్ అయింది, అంటే డబ్బూ బాండూ చేతులు మారింది, సోమవారం నవంబర్ 24న. వడ్డీని లెక్కించేది ఆర్డర్ పెట్టిన రోజు వరకు కాదు, సెటిల్‌మెంట్ రోజు వరకు. ఇక్కడే చాలామంది లెక్క మూడు రోజులు తప్పుతుంది.

ఆగస్టు 14 నుంచి నవంబర్ 24 వరకు క్యాలెండర్ తిరగేస్తే 102 రోజులు. కానీ మన ప్రభుత్వ బాండ్లలో ప్రతి నెలనూ 30 రోజులుగా, ఏడాదిని 360గా లెక్కిస్తారు. అచ్చం ఊళ్లో మిత్తి లెక్కలాగే. అంటే మూడు నెలల పది రోజులు, 100 రోజులు. నూటికి 7.18ని 100తో గుణించి 360తో భాగిస్తే రూపాయి 99 పైసల చిల్లర. రెండు లక్షలకు 3,988 రూపాయల 89 పైసలు. మామ వెతుకుతున్న నాలుగు వేలు అవే. అమ్మినవాడు వంద రోజులు బాండును పట్టుకుని ఉన్నందుకు అతనికి చేరిన డబ్బు అది. ఫిబ్రవరి 14న పూర్తి 7,180 మామ ఖాతాలో పడుతుంది. అందులో 3,989 ఆయన ముందే ఇచ్చుకున్నది, మిగిలిన 3,191 ఆయన 80 రోజులకు సంపాదించింది.

అలాంటప్పుడు మొత్తం ధరనే తెర మీద చూపిస్తే పోదా అని అడగొచ్చు. అదే అసలైన గందరగోళం అవుతుంది. మార్కెట్లో ఏ మార్పూ లేకపోయినా ఆ ధర రోజుకు రెండు పైసల చొప్పున పెరుగుతూ ఫిబ్రవరి 13 నాటికి 106 రూపాయల 77 పైసల దగ్గరికి చేరుతుంది. 14న వడ్డీ ఇవ్వగానే మళ్లీ 103 రూపాయల 20 పైసలకు పడిపోతుంది. చూసేవాళ్లకు బాండ్ కుప్పకూలినట్టే ఉంటుంది. వడ్డీ రేట్ల కదలిక వల్ల ధర మారిందా, రోజులు గడిచినందుకు మారిందా అన్నది వేరు చేసి చూపించడానికే క్లీన్ ప్రైస్‌ను వాడతారు. ఆ పద్ధతిలో తప్పు లేదు. నా అభ్యంతరమల్లా ఒక్కటే: పోగైన వడ్డీ ఎంత, ఎన్ని రోజులకు, ఏ తేదీ వరకు అన్నది డబ్బు కట్టే బటన్ పక్కనే కనపడాలి. కొన్న తర్వాత వచ్చే కాగితంలో నాలుగో వరుసలో దొరికితే లాభమేంటి?

ఇంకో పొరపాటు కూడా ఇక్కడే జరుగుతుంది. మామ కట్టినదాంట్లో రెండు లక్షల మీద రెండు అదనాలు ఉన్నాయి. పోగైన వడ్డీ 3,989 తొలి వడ్డీతోనే తిరిగొస్తుంది. 103 రూపాయల 20 పైసలలో ఉన్న ఆ 3 రూపాయల 20 పైసలు, అంటే 6,400, అలా తిరిగిరాదు. 2033లో చేతికొచ్చేది రెండు లక్షలే. మార్కెట్ రేటు కంటే ఎక్కువ వడ్డీ ఇస్తున్న బాండ్ కాబట్టి ముందే కట్టిన ప్రీమియం అది. రెండింటినీ కలిపి ‘ఛార్జీలు’ అనుకున్నవాళ్లు నాకు చాలామందే తగిలారు.

కంపెనీ బాండ్లకు వెళ్తే రోజుల లెక్క మారుతుంది. అక్కడ సాధారణంగా క్యాలెండర్ రోజులే లెక్కిస్తారు. ఇదే వడ్డీ రేటు, ఇవే తేదీలైతే 102 రోజులకు 365తో భాగించి 4,013 వస్తుంది. తేడా 24 రూపాయలే. కాబట్టి కాగితంలోని అంకె పది, పాతిక రూపాయలు అటూ ఇటూ అయితే ముందు రోజుల పద్ధతి చూడండి. వందల్లో తేడా వస్తే పాత వడ్డీ తేదీనో, సెటిల్‌మెంట్ తేదీనో తప్పుగా తీసుకున్నారన్నమాట. అప్పుడు ఫోన్ చేసి గట్టిగా అడగాల్సిందే.

వడ్డీ తేదీకి నాలుగు రోజుల ముందు కొంటే ఆరు నెలల వడ్డీ అప్పనంగా వస్తుందన్న ఆశ ఒకటి చాలామందిలో ఉంది. ఫిబ్రవరి 10న సెటిల్ అయ్యేలా కొంటే 176 రోజుల వడ్డీ, 7,020 రూపాయలు, ముందే కట్టాలి. నాలుగు రోజుల తర్వాత 7,180 వస్తుంది. నికరంగా మిగిలేది 160 రూపాయల లోపే. పైగా పన్ను ఉంది.

ఇలా కొనేటప్పుడు ముందే కట్టే పోగైన వడ్డీ, అంటే బ్రోకెన్ పీరియడ్ వడ్డీ, కొనుగోలు ధరలో భాగమేనని, వచ్చిన వడ్డీలోంచి ఖర్చుగా తీసేయడానికి లేదని విజయా బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బాండ్లను వ్యాపార సరుకుగా పెట్టుకున్న బ్యాంకులకు మాత్రం ఆ మినహాయింపు దక్కుతుందని 2024 అక్టోబర్‌లో బ్యాంక్ ఆఫ్ రాజస్థాన్ కేసులో తేల్చింది. మామలాంటివాళ్లు పెట్టుబడిగా పెట్టుకునేవాళ్లే కాబట్టి పూర్తి 7,180 వడ్డీ ఆదాయంగా లెక్కకొస్తుంది. ఇరవై శాతం స్లాబులో ఉంటే, సెస్సు కాకుండానే 1,436 పన్ను. నాలుగు రోజుల ముందు కొన్నవాడైతే 160 రూపాయల నిజమైన ఆదాయం మీద కట్టే పన్ను ఇది. ముందు కట్టిన డబ్బు కొనుగోలు ధరలో కలిసి, అమ్మినప్పుడో బాండ్ తీరినప్పుడో మూలధన నష్టంగా బయటపడొచ్చు. కానీ ఆ నష్టాన్ని వడ్డీ ఆదాయంలోంచి తీసేసుకోవడానికి వీల్లేదు. బ్యాంకుకు ఒక న్యాయం, పింఛన్‌దారుకు ఒక న్యాయం అన్నట్టు ఉంది ఇది. చిన్న మదుపరులను బాండ్ల వైపు పిలుస్తున్న ప్రభుత్వం ముందు సరిచేయాల్సింది దీన్నే.

ఫిబ్రవరిలో డబ్బు పడగానే మామ మళ్లీ ఫోన్ చేశాడు. తన నోట్‌బుక్‌లో రెండు వరుసలు రాసుకున్నాడట: ‘3,989 నా పైసలే, 3,191 మిత్తి’. పన్ను దేని మీద అని అడిగాడు. మొత్తం మీద అన్నాను. కాసేపు మాట లేదు. ‘నా పైసలు నాకొస్తే గూడ పన్నా?’ అన్నాడు.