పైకప్పు ఎంత ఊగిందో కాదు, షాపుల అంతస్తు ఎంత ఒరిగిందో చూడండి

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత శ్రీకాకుళంలో ఒక బిల్డింగు చూడమని పిలిస్తే వెళ్లాను. కింద షాపులు, పైన నాలుగంతస్తుల ఇళ్లు. పిల్లర్లకు ఒక్క గీత కూడా లేదు. కానీ షట్టర్లు సగం దాకా లేచి బిగుసుకుపోతున్నాయి, ఒక షాపు గాజు తలుపు పగిలింది, వెనక గోడకీ పిల్లరుకీ మధ్య నిలువు చీలిక వచ్చింది. "బిల్డింగు గట్టిదే కదా బాబూ, మరి ఇదేంటి?" అని ఓనరు అడిగారు. గట్టిదే. పడిపోకుండా ఉండటం ఒకటి, ఒరగకుండా ఉండటం ఇంకొకటి. మన దగ్గర రెండోదాని లెక్క సరిగ్గా చూడటం లేదు. నా బాధంతా దాని గురించే.

డిజైన్ కాగితాల్లో సాధారణంగా కనిపించేది ఒకే ఒక్క వాక్యం: గాలికి పైకప్పు దగ్గర ఒరుగు H/500 లోపే ఉంది, ఓకే. H అంటే బిల్డింగు మొత్తం ఎత్తు. మన కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 ఫ్రేముకి చెప్పే పరిమితి అదే. కానీ అది మొత్తం ఎత్తుకి సగటు. ఏ అంతస్తు ఎంత ఒరిగిందో అది చెప్పదు.

అలాంటి బిల్డింగునే లెక్కకు తీసుకుందాం. షాపుల అంతస్తు 4.2 మీటర్లు, పైన నాలుగు అంతస్తులు మూడేసి మీటర్లు, మొత్తం 16.2. రోడ్డు తూర్పు పడమరలుగా ఉంది, తూర్పున ఖాళీ పొలాలు. గాలి తగిలే పక్క గోడ వెడల్పు 20 మీటర్లు. మన తీరానికి గాలి వేగం సెకనుకు 50 మీటర్లు అనుకుంటే చదరపు మీటరుకు సుమారు 1.5 కిలోన్యూటన్ల ఒత్తిడి. ఆకారం వల్ల పెరిగేదీ, పెద్ద వైశాల్యం వల్ల తగ్గేదీ దాదాపు సరిపోతాయి. పై నాలుగంతస్తులూ, షాపుల పై సగమూ కలిపి షాపుల పిల్లర్ల మీదికి వచ్చే తోపు సుమారు 420 కిలోన్యూటన్లు. ఒరుగు చూసేటప్పుడు దీన్ని 1.5తో గుణించకూడదు. ఆ గుణకం బలం లెక్కకే.

పిల్లర్లు పదహారు, ఒక్కోటి 230 × 450 మి.మీ., ఎం25 కాంక్రీటు. షాపుల మధ్య గోడల్లో దాగిపోవాలని 450 పక్కను రోడ్డు నుంచి లోపలికి పెట్టారు. అంటే రోడ్డు వెంబడి వీచే గాలికి పిల్లరు తన సన్నటి పక్కతోనే ఎదురు నిలవాలి. పిల్లరు బిగువు అంటే దాన్ని ఒక మిల్లీమీటరు ఒరిగించడానికి కావలసిన తోపు. సూత్రం 12EI/h³: E కాంక్రీటు గట్టిదనం, I పిల్లరు కొలతల నుంచి వచ్చేది, h అంతస్తు ఎత్తు. దాని ప్రకారం ఒక్కో పిల్లరు బిగువు మిల్లీమీటరుకి 1.85 కిలోన్యూటన్లు, పదహారింటికీ కలిపి 29.6. 420ని దాంతో భాగిస్తే 14.2 మి.మీ. పై నాలుగంతస్తుల్లో తోపు తక్కువ, ఎత్తూ తక్కువ కాబట్టి అవన్నీ కలిపి 9 మి.మీ. ఒరుగుతాయి.

పైకప్పు దగ్గర మొత్తం 23 మి.మీ. H/500 అంటే 32. పాస్! కానీ ఆ 23లో 14 ఒక్క షాపుల అంతస్తులోనే ఉంది. అంటే ఆ అంతస్తు ఎత్తులో సుమారు 1/296. గాజూ ఇటుక గోడా ఉన్న చోట నేను అంతస్తుకి కూడా h/500 అడుగుతాను, అంటే 8.4 మి.మీ. స్టీలు ఫ్రేములకు ఐఎస్ 800 ఇచ్చే h/300 తీసుకున్నా 14 మి.మీ., అదీ దాటింది.

కొందరు దీన్ని ఐఎస్ 1893లోని 0.004hతో పోల్చి, 16.8 వరకు పర్వాలేదని సరిపెట్టేస్తారు. అది భూకంపానికి పెట్టిన పరిమితి. భూకంపం వచ్చినప్పుడు గోడలు చీలినా ఒప్పుకుంటాం. తుఫాను మనకి మళ్ళీ మళ్ళీ వస్తుంది, ప్రతిసారీ షట్టర్లు బాగు చేయించుకోమని చెప్పగలమా?

పైగా ఈ 14 కనిష్ఠం. బీములు అసలు వంగవనీ, కాంక్రీటు ఎక్కడా చీలలేదనీ, ప్లింత్ బీము గట్టిగా ఉందనీ అనుకుని వేసిన లెక్క ఇది. నిజంలో జాయింట్లు తిరుగుతాయి, ఒరుగు ఇంకా పెరుగుతుంది. వెనక ఇటుక గోడ ఉండి ముందు షట్టర్లే ఉంటే బిల్డింగు కొంచెం మెలి కూడా తిరుగుతుంది, ముందు వైపు ఇంకా ఎక్కువ ఊగుతుంది. అందుకే ముందు దెబ్బ తినేవి షట్టర్లు.

దీనికి మందు సిమెంటు పెంచడం కాదు. మధ్య రెండు వరుసల్లోని ఎనిమిది పిల్లర్లను అడ్డంగా తిప్పితే చాలు. సన్నటి పక్క కంటే వెడల్పు పక్క బిగువు 3.8 రెట్లు. ఆ ఎనిమిదింటితో మొత్తం బిగువు 71కి పెరిగి, షాపుల ఒరుగు 5.9కి దిగుతుంది. రెండో దిక్కులో గాలి తగిలే ముఖం 12 మీటర్లే, అక్కడ ఒరుగు 2.2 నుంచి 3.5కి పెరుగుతుంది, అంతే. కాంక్రీటు అదే, ఇనుము దాదాపు అంతే. పోయేదల్లా గోడకి అటూ ఇటూ 11 సెంటీమీటర్లు పిల్లరు బయటికి రావడం.

ఆ 11 సెంటీమీటర్ల కోసమే ప్రతి ఓనరుతోనూ గొడవ. "షాపు చిన్నదైపోద్ది, అద్దె తగ్గిపోద్ది" అంటారు. ఈమధ్య అలా అన్న ఒకాయనకి సాఫ్ట్‌వేర్‌లో ఒరుగు పట్టిక తెరిచి, పైకప్పు అంకె చేత్తో మూసి, అంతస్తుల వారీ అంకెలు మాత్రమే చూపించాను. కింది వరుస దగ్గర ఆగారు. "పిల్లర్లు తిప్పండి బాబూ" అన్నారు.