చావు వార్త వేసే ముందు అడగాల్సిన ఒకే ఒక ప్రశ్న

ఎవరైనా పెద్దమనిషి పోయాడన్న వార్త పక్క పేపర్లో వచ్చి మన పేపర్లో రాకపోతే, తెల్లారి మీటింగ్‌లో నైట్ డెస్క్‌ను నిలబెట్టి కడిగేస్తారు. ఈ పద్ధతి మీద నాకు చాలా కోపం ఉంది. మా డెస్క్‌లో జరిగిందే చెబుతాను.

రాత్రి పన్నెండు దాటింది. జిల్లా పేజీలు వెళ్లిపోయాయి, సిటీ ఎడిషన్ మొదటి పేజీ 12.45కి వదలాలి. కంట్రిబ్యూటర్ ఫోన్ చేశాడు. "అక్కా, మాజీ ఎమ్మెల్యే గారు పోయారంట." డ్యూటీలో ఉన్న సబ్ ఎడిటర్ అమ్మాయి అడిగింది ఒకటే: "నీకెవరు చెప్పారు?" ఆస్పత్రి బయట అంబులెన్స్ డ్రైవర్ చెప్పాడట. ఇంకో రిపోర్టర్ కూడా అదే కబురు పంపాడు. అతన్నీ ఆరా తీస్తే వాట్సాప్ గ్రూప్‌లో చూశానన్నాడు. ఆ మెసేజ్ కూడా ఆ డ్రైవర్ మాటే. ఇద్దరు చెప్పినట్టు కనిపించింది కానీ, చెప్పింది ఒక్కడే.

పోలీసులను అడిగినా లాభం లేదు. అనారోగ్యంతో పోతే స్టేషన్‌కు సమాచారం వెళ్లదు. ఆస్పత్రి పీఆర్వో ఫోన్ ఎత్తలేదు, కొడుకు ఫోన్ స్విచాఫ్. ఇంతలో జిల్లా నాయకుడొకరు లైన్లోకి వచ్చి "నేను చెబుతున్నా కదమ్మా, వేసెయ్" అన్నారు. ఆయన ఉన్నది ఊళ్లో, పేషెంట్ ఉన్నది హైదరాబాద్‌లో.

పదవి పెద్దదైనంత మాత్రాన మాట నిజమైపోదు. 1979 మార్చిలో జయప్రకాశ్ నారాయణ్ చనిపోయారని సాక్షాత్తూ ప్రధాని మొరార్జీ దేశాయ్ లోక్‌సభలో ప్రకటించారు. జేపీ అప్పుడు బొంబాయి ఆస్పత్రిలో బతికే ఉన్నారు. చనిపోయింది అదే ఏడాది అక్టోబరు 8న. మంచం పక్కన ఉన్న డాక్టరో, ఇంటివాళ్లో చెప్పారా లేదా అన్నదే చూడాలి.

పక్క సీటు సీనియర్ మధ్యే మార్గం చెప్పాడు: "పరిస్థితి విషమం అని వెయ్, ఎటూ తప్పు కాదు." నన్నడిగితే ఇదే అన్నిటికంటే చెడ్డ అలవాటు. విషమం అని ఏ బులెటిన్ చెప్పింది? అది కూడా డాక్టర్ చెప్పాల్సిన మాటే. పొద్దున్నే పేపర్ తీసిన చుట్టాలు దాన్ని చావు కబురుగానే చదువుతారు.

ఆ అమ్మాయి రెండు పేజీలు పెట్టించుకుంది, వార్తతో ఒకటి, వార్త లేకుండా ఒకటి. 12.40కి మళ్లీ పీఆర్వోకు చేసింది. రింగవుతూనే ఉంది. వార్త లేని పేజీ వదిలేసింది. వెబ్‌సైట్ డెస్క్‌కు మాత్రం నంబర్లన్నీ ఇచ్చి, డాక్టర్ కానీ ఇంటివాళ్లు కానీ చెప్తేనే పెట్టమంది.

ఆయన నిజంగానే పోయారు, అదీ పదకొండున్నరకే. పక్క పేపర్లో వచ్చింది. మీటింగ్‌లో అమ్మాయిని మిస్సయ్యావని అరిచారు. 12.40కి ఆమె చేతిలో ఉన్నది డ్రైవర్ మాట ఒక్కటే కదా! పక్క పేపరోళ్లు ఎవర్ని అడిగి వేశారో ఆ మీటింగ్‌లో ఒక్కరూ అడగలేదు. ఆమె ఎవరెవరికి ఫోన్ చేసిందో కూడా అడగలేదు.