నిశ్శబ్దంగా ఆనందించవలెను

తెలుగు భాషకు నేను చేసిన సేవ ఇంతవరకు ఎవరికీ తెలియదు. పోయిన వారం అనంతపురంలో మా వీధి టైలర్‌కు ఇంటి బాడుగ అగ్రిమెంట్‌ను తెలుగులోకి మార్చి ఇచ్చాను. నాలుగు పేజీలే, పట్టింది మాత్రం మూడు రాత్రులు.

మొదటి తగాదా పేరుతోనే. పైన ‘లీజ్ అగ్రిమెంట్’ అని ఉంది. అది వినగానే టైలర్ లేచి నిలబడ్డాడు. "లీజా? అన్ని లక్షలు నా దగ్గర యాడున్నాయప్పా!" ఆయన తప్పేం లేదు. మా వైపు జనం నోట లీజు అంటే లక్షలు ఒకేసారి కట్టి, నెల బాడుగ లేకుండా ఉండి, ఖాళీ చేసేటప్పుడు ఆ డబ్బు వెనక్కి తీసుకోవడం. చట్టంలో లీజంటే ప్రతిఫలానికి ఇల్లు అనుభవించే హక్కు ఇవ్వడం, నెలనెలా బాడుగ కట్టేదీ అందులోకే వస్తుంది. ‘బాడుగ ఒప్పందం’ అని రాసి ఆయన్ను కూర్చోబెట్టాను.

తర్వాత పదకొండు నెలల గడువు. "పన్నెండో నెల నేను యాడుండాల?" అన్నాడు. ఏడాదికి మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది కాబట్టి, మన రాష్ట్రంలో ఆ తర్వాత దాన్ని సవరించి ఏడాది లోపు లీజులకూ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసినా, దేశమంతా పన్నెండో నెలను క్యాలెండర్‌లోంచి తీసేసి బతుకుతోందని వివరించాను. నమ్మలేదు.

అసలు గండం ‘క్వైట్ ఎంజాయ్‌మెంట్’ దగ్గర వచ్చింది. ఆయన అంతకుముందే జిరాక్స్ షాపులో ఎవరితోనో రాయించుకున్న తెలుగులో ‘బాడుగదారుడు ఇంటిని నిశ్శబ్దంగా ఆనందించవలెను’ అని ఉంది. పాపం, అది చదివినప్పటి నుంచి రాత్రి పూట కుట్టుమిషన్ ఆపేశాడట. నిజానికి ఆ మాటలో శబ్దమూ లేదు, ఆనందమూ లేదు. అది ఓనర్ ఇస్తున్న హామీ. టైలర్ బాడుగ సరిగా కట్టి, షరతులు పాటిస్తున్నంత కాలం ఓనర్ గానీ ఆయన తరఫువాళ్లు గానీ అడ్డు రాకూడదు. దానికి తెలుగులో ఒక్క మాట లేదు. ‘ఎవరి అడ్డూ లేకుండా ఇంట్లో ఉండనివ్వాలి’ అని ఒక వాక్యమే రాశాను. మిషన్‌కు అసలు ప్రమాదం ఇంకో క్లాజులో ఉంది. ‘నివాసానికి మాత్రమే’ అన్న చోట ఎవరూ గీత కూడా గీయలేదు. అందుకే ‘ఒక కుట్టుమిషన్ పెట్టుకోవచ్చు’ అని చేర్పించమన్నాను.

ఇక ‘రీజనబుల్ వేర్ అండ్ టేర్’. అడ్వాన్సు ముప్పై వేలు నిలబడేదీ మునిగేదీ ఇక్కడే. జిరాక్స్ షాపు పండితుడు దీన్ని ‘సహేతుకమైన అరుగుదల, చిరుగుదల’ అన్నాడు. "చిరిగితే నేనే కుట్టిస్తాలే" అన్నాడు టైలర్ ధైర్యంగా. ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే అప్పగించాలి, మామూలు వాడకంతో పాతబడినది మాత్రం బాడుగదారు మీద వేయకూడదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో ఉన్న మాట ఇది. కానీ ‘మామూలు’ అంటే ఎంత? మా బోరు నీళ్లకు కొత్త కొళాయి కూడా కొన్నాళ్లకే తెల్లగా ఉప్పు పట్టి బిగుసుకుపోతుంది. అది నీళ్ల తప్పా, టైలర్ తప్పా?

మాటకు మాట దొరకనప్పుడు ఉదాహరణలే దిక్కు. వెలిసిన సున్నం, ఉప్పు పట్టిన కొళాయి, క్యాలెండర్ మేకు రంధ్రం వాడకం కింద పోతాయి. పగిలిన వాష్‌బేసిన్, విరిగిన స్విచ్‌బోర్డు, ఇస్త్రీపెట్టె కాల్చిన తలుపు అడ్వాన్సులోంచి పోతాయి. చేరిన రోజే గదిగదికీ ఫోటోలు తీసి ఇద్దరి ఫోన్లలో పెట్టుకోవాలి. ఇంత రాస్తే ఆ నాలుగు ఇంగ్లీషు మాటలకు అర పేజీ అయింది.

ఓనర్ తెలుగు ప్రతిని రెండుసార్లు చదివాడు. పెద్ద రిపేర్లు తన మీదే ఉన్నాయన్న చోట ఆగాడు. "ఇది నా అగ్రిమెంటేనా?" అన్నాడు. ఎనిమిదేళ్లుగా ఆయన సంతకం పెడుతున్నది అదే. "తెలుగులో రాస్తే అందరికీ అర్థమైపోతుంది కదప్పా" అని నన్ను మందలించి, కోర్టు దగ్గరి రైటర్‌తో చివర ఒక క్లాజు చేర్పించాడు. రెండు ప్రతులకూ తేడా వస్తే ఇంగ్లీషుదే చెల్లుతుందట. తెలుగు ప్రతిలో కూడా ఆ ఒక్క క్లాజును ఇంగ్లీషులోనే కొట్టించారు.