దుకాణం మూసినా వదలని చివరి రిటర్ను

జీఎస్టీ రిజిస్ట్రేషన్ రద్దయినట్టు ఆర్డరు రాగానే, ఇక ఆ గొడవ వదిలిందనుకుంటాడు చిన్న వ్యాపారి. వదల్లేదు. జీఎస్టీఆర్-10 అనే తుది రిటర్ను ఇంకా మిగిలే ఉంది. రద్దు అమల్లోకి వచ్చిన తేదీ, ఆర్డరు తేదీ, ఈ రెండింటిలో ఏది తర్వాతదైతే దాని నుంచి మూడు నెలల్లో అది వేయాలి. టర్నోవరు మీద కొద్ది శాతం పన్ను కట్టే కాంపొజిషన్ పద్ధతిలో ఉన్నవారికి ఈ బాధ్యత లేదు. మామూలు పద్ధతిలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఉంది. చిన్న వ్యాపారి విషయంలో ఈ రెండో అంచెను ఎత్తేయాలన్నది నా వాదన.

రద్దుకు పెట్టే ఆర్ఈజీ-16 దరఖాస్తులోనే ఆ రోజు చేతిలో ఉన్న సరుకెంత, యంత్రాలూ సామగ్రీ ఎంత, వాటి మీద కట్టాల్సిన పన్నెంత అని అడుగుతారు. అధికారి అది చూసే ఆర్డరిస్తాడు. మూడు నెలలు తిరిగేలోగా అదే లెక్క మళ్లీ ఇమ్మంటారు. అప్పటికి షాపు ఖాళీ అయిపోతుంది, లెక్కలు చూసే మనిషికి నెలవారీ ఫీజు ఆగిపోతుంది, పోర్టల్ తెరిచే పనే ఉండదు.

ఒక ఎలక్ట్రికల్ సామాన్ల షాపు మార్చి 31న మూసేశారనుకుందాం. ఏప్రిల్ 5న దరఖాస్తు పెడితే 20న ఆర్డరొచ్చింది. మిగిలిన సరుకు కొన్న ధర 2 లక్షలు, దాని మీద 18 శాతం చొప్పున కొన్నప్పుడు కట్టి, అమ్మకపు పన్నులో తగ్గించుకోవడానికి తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ 36,000. పాత సరుకు కాబట్టి ఇప్పుడు అమ్మితే 1,20,000 వస్తుంది, దాని మీద పన్ను 21,600. చట్టంలోని 29(5) సెక్షన్ ప్రకారం ఈ రెండింటిలో ఎక్కువైనదే కట్టాలి, అంటే 36,000. క్రెడిట్ లెడ్జర్‌లో 28,000 ఉంటే తక్కిన 8,000 నగదుగా కట్టాలి. అదే సరుకును మూసేముందే పక్క వ్యాపారికి బిల్లు రాసి 1,20,000కు అమ్మి ఉంటే, పన్ను 21,600 మొత్తం క్రెడిట్ నుంచే తీరేది. కొన్నవాడికి ఆ క్రెడిట్ వచ్చేది, చేతి నుంచి రూపాయి కట్టే పని ఉండేది కాదు. సరుకు ఖాళీ చేశాకే దరఖాస్తు పెట్టమనేది అందుకే. కొనుగోలు బిల్లులు పోతే మార్కెట్ ధర మీద అంచనా వేయాలి, దానికి చార్టర్డ్ అకౌంటెంట్ లేదా కాస్ట్ అకౌంటెంట్ సర్టిఫికెట్ కావాలి.

ఈ షాపుకు తుది రిటర్ను గడువు జులై 20. అది దాటితే రోజుకు 200 ఆలస్య రుసుము, గరిష్ఠంగా 10,000. అంటే సెప్టెంబరు 8 కల్లా పూర్తి మొత్తం పడిపోతుంది. సరుకంతా అమ్మేసి, బకాయి సున్నా అయిన వ్యాపారికీ ఇంతే. అమ్మకాలూ పన్నూ ఏమీ లేని నెలవారీ రిటర్ను, అంటే నిల్ జీఎస్టీఆర్-3బి, ఎంత ఆలస్యమైనా రుసుము 500 దాటకుండా 2021లోనే పరిమితి పెట్టిన ప్రభుత్వం, నిల్ తుది రిటర్నుకు ఆ పరిమితి పెట్టలేదు. వ్యాపారం నడుస్తున్నవాడికి 500, మానేసినవాడికి 10,000! ఇందులో న్యాయం ఎక్కడుంది?

దొంగ బిల్లుల కంపెనీలు క్రెడిట్ పంచి మాయమవుతాయి, తుది లెక్క లేకపోతే ఎలా పట్టుకుంటామని పన్ను శాఖ అడగొచ్చు. మాయమయ్యేవాడు తుది రిటర్ను వేయడు. పైగా రద్దయినంత మాత్రాన పాత బాధ్యత పోదని 29(3) సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ఆరా తీసే అధికారం శాఖకు ఎలాగూ ఉంది.

ఇది భారమని జీఎస్టీ కౌన్సిల్‌కూ తెలుసు. పాత తుది రిటర్నులు వేసేవారికి రుసుము 1,000కి మించకుండా 2023లో మాఫీ ఇచ్చి, గడువును ఆగస్టు 31 దాకా పొడిగించింది. తర్వాత మూసినవారికి ఆ మాఫీ వర్తించదు.

ఈ భయంతోనే చాలామంది అసలు రద్దుకే వెళ్లరు, రిటర్నులు ఆపేసి ఊరుకుంటారు. నెలవారీ రిటర్నులు వరుసగా ఆరు నెలలు ఆగితే అధికారే రద్దు చేయొచ్చు. అలా రద్దయినా తుది రిటర్ను తప్పదు, పాత బకాయీ తప్పదు. రేపు అదే పాన్ మీద కొత్త రిజిస్ట్రేషన్ అడిగితే పాత రద్దు అడ్డం వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్ల సంఖ్య చెప్పుకుని మురిసే ప్రభుత్వాలు చూడాల్సింది ఇక్కడే. ఒక వ్యాపారంలో ఓడినవాడు మరొకటి పెట్టాలంటే మొదటిది శుభ్రంగా మూయగలగాలి. వ్యాపార సౌలభ్యంలో సగం అదే.

నిల్ సరుకు, నిల్ బకాయి ఉన్నవారికి ఆర్ఈజీ-16నే తుది రిటర్నుగా లెక్కించాలి. మిగతావారి ఆలస్య రుసుముకు 3బి తరహా పరిమితి పెట్టాలి. అది జరిగేదాకా, మూసే వ్యాపారి ఆర్డరు తేదీ నుంచి మూడు నెలలు లెక్కపెట్టుకోవాలి. క్యాష్ లెడ్జర్‌లో మిగిలిన సొమ్ము రీఫండ్ వచ్చేదాకా బ్యాంకు ఖాతా మూయకూడదు. పోర్టల్‌లో ఇచ్చిన ఫోన్ నంబరూ ఈమెయిలూ మార్చకూడదు, ఎందుకంటే రద్దయ్యాక కూడా నోటీసులు వాటికే వస్తాయి.