అఓరీత: కాలం ఆ మాటలో లేదు, క్రియలో ఉంది

మెక్సికో గురించి చెప్పుకునే ముచ్చట్లలో ‘అఓరీత’ అనే మాట తప్పకుండా వస్తుంది. స్పానిష్‌లో ‘అఓర’ అంటే ఇప్పుడు. చిన్నదనాన్నీ ముద్దునూ సూచించే ‘ఇత’ ప్రత్యయం దానికి చేరితే అఓరీత అవుతుంది. ఆ మాటకు ఇప్పుడే అని ఒక అర్థం, కాసేపట్లో అని ఒక అర్థం, ఎప్పటికీ కాదని మరో అర్థం ఉన్నాయట. ఏది ఎప్పుడో గొంతును బట్టి తెలుసుకోవాలట. అది తెలియని విదేశీయులు గంటల తరబడి ఎదురుచూస్తూ కూర్చుంటారట. చివరికి తీర్పు ఒకటే: అక్కడివాళ్లకు కాలమంటే లెక్క లేదు. ఈ తీర్పు తప్పు. గొంతు గురించి చెప్పేది కూడా సగమే నిజం.

ముందు క్రియ సంగతి చూడాలి. ఒక మెక్సికన్ ఫోనులో ‘అఓరీత ఎస్తోయ్ కొమియెందో’ అన్నాడంటే ఈ క్షణాన భోజనం చేస్తున్నాడని అర్థం. ‘అఓరీత యెగో’ అంటే ఎవరో ఇంతకుముందే వచ్చారని. తలుపు దగ్గర చెప్పులేసుకుంటూ ‘అఓరీత బెంగో’ అంటే కాసేపట్లో తిరిగి వస్తానని. మొదటిది జరుగుతున్న పని, రెండోది జరిగిపోయిన పని, మూడోది జరగబోయే పని. మూడింటినీ ఒకే గొంతుతో, ఏ సాగదీతా లేకుండా పలికినా అక్కడి ఐదేళ్ల పిల్లవాడు కూడా తడబడడు. కాలాన్ని మోస్తున్నది క్రియ. అఓరీత చేసేదల్లా ఆ కాలాన్ని మాట్లాడుతున్న క్షణానికి దగ్గరగా లాగడమే.

తెలుగువాడికి ఇందులో ఆశ్చర్యం ఏముంది? ‘ఇప్పుడే వచ్చాడు’, ‘ఇప్పుడే తింటున్నాను’, ‘ఇప్పుడే వస్తాను’ అని మనం రోజూ అంటాం. వాళ్లకు ‘ఇత’ చేసే పనిలో చాలా భాగం మనకు ఏత్వం చేస్తుంది. పుట్టుకలో కూడా ఈ రెండు మాటలకు పోలిక ఉంది. అఓర వెనుక ఉన్నది ‘ఈ గంటలో’ అనే అర్థమున్న లాటిన్ పదబంధం. మన ‘ఇప్పుడు’ వెనుక ఉన్నది ‘ఈ పొద్దు’. గంటను పట్టుకున్నవాళ్లూ పొద్దును పట్టుకున్నవాళ్లూ ఒకే చోటికి చేరారు. ‘ఇప్పుడే’కు మూడు అర్థాలున్నాయని, దాన్నిబట్టి తెలుగువాళ్ల స్వభావం తేలిపోయిందని ఎవరైనా రాస్తే మనం ఊరుకుంటామా?

మరి ‘ఇత’ ఎందుకు? అఓర ఒక్కటే సరిపోదా? ఈ ప్రత్యయాన్ని చూడగానే గడియారం ముల్లు గుర్తొస్తుంది. ఇప్పుడును చిన్నది చేస్తే ఇంకా త్వరగా అని కదా అర్థం రావాలి, పొడవుగా సాగుతుందేమిటి అని అడుగుతారు. నిజానికి త్వరగా అనే అర్థం కూడా ఉంది. ప్రత్యయాన్ని రెట్టించి ‘అఓరితీత’ అంటే మరీ ఈ క్షణమే. ‘అఓరీత మిస్మో’ అన్నా అంతే. కానీ ఒంటి ‘ఇత’ ఎక్కువగా చిన్నది చేసేది కాలాన్ని కాదు, మాట బరువును. మెక్సికోలో కాఫీని ‘కఫెసీతో’ అంటారు, క్షణాన్ని ‘మొమెంతీతో’ అంటారు. కప్పు చిన్నదని కాదు, అడిగే తీరు మెత్తగా ఉండాలని.

దీన్ని అర్థం చేసుకోవడానికి మెక్సికో దాకా వెళ్లనక్కర లేదు. రైల్లో పక్కవారిని ‘కొంచెం ఆ కిటికీ వేయండి’ అంటాం. వాళ్లు కిటికీని పూర్తిగానే వేస్తారు, కొంచెం వేసి వదిలేయరు. ‘కాస్త మీ ఫోను ఇస్తారా’ అంటే ఫోనులో ముక్క ఇవ్వమని కాదు. ఆ ‘కొంచెం’, ఆ ‘కాస్త’ కొలిచేది వస్తువును కాదు, మనం ఎదుటివారి మీద పెడుతున్న భారాన్ని. అఓరీతలోని ‘ఇత’ అచ్చం ఈ ‘కొంచెం’ లాంటిదే. దీని మూలం మెక్సికో ఆదివాసుల భాష నాహువాట్ల్‌లో ఉందని, గౌరవాన్నీ ఆప్యాయతనూ చూపే అక్కడి ‘త్సిన్’ ప్రత్యయమే స్పానిష్‌లోకి ఈ అలవాటును తెచ్చిందని ఒక వాదన ఉంది. వినడానికి బాగుంటుంది గానీ, నాహువాట్ల్ మాట్లాడని ఈక్వడార్, కొలంబియాల్లో కూడా ఈ ప్రత్యయం అంతే జోరుగా వాడుకలో ఉంది. ఒక్క భాష ఖాతాలో వేసి చేతులు దులుపుకోవడం కుదరదు.

ఇక అసలు చిక్కు దగ్గరికి వద్దాం. మెక్సికో నగరంలో వీధిలో జరిగే వారపు సంతను ‘తియాంగిస్’ అంటారు. అవకాడోలు అమ్మే ఒక బల్ల దగ్గర నిలబడి వింటే అఓరీత కనీసం మూడు రకాలుగా వినిపిస్తుంది. కిలో కావాలని మీరు అడగగానే అమ్మేవాడు ‘అఓరీత సె లో పేసో’ అంటాడు, అంటే తూచి ఇస్తానని. మాట పూర్తయ్యేలోపే చెయ్యి తక్కెడ మీద ఉంటుంది. మీరు పెద్ద నోటు ఇస్తే చిల్లర కోసం పక్క బల్లకు వెళుతూ ‘అఓరీత బెంగో’ అంటాడు. రెండు నిమిషాలో, ఐదు నిమిషాలో. ఇంతలో అటుగా వెళ్లే ఒక ఆవిడను పిలిచి పండు రుచి చూడమంటాడు. ఆవిడ నడక ఆపకుండా, నవ్వుతూ ‘అఓరీత, గ్రాసియాస్’ అని వెళ్లిపోతుంది. ఆవిడ ఇక రాదని అతనికి తెలుసు, అతనికి తెలుసని ఆవిడకూ తెలుసు.

ఈ మూడోదాన్ని గమనించండి. ఇందులో క్రియ లేదు. వస్తాననలేదు, కొంటాననలేదు, చూస్తాననలేదు. ఉన్నదల్లా అఓరీత, ఒక ధన్యవాదం, ఆగని కాళ్లు. ‘ఎప్పటికీ కాదు’ అనే అర్థం ఎక్కడి నుంచి వస్తుందో నా ఉద్దేశంలో ఇక్కడ తేలిపోతుంది. అది ఆ మాటకు మూడో అర్థం కాదు. క్రియ జారిపోయినప్పుడు మిగిలే ఖాళీ అది. ఎవరైనా ఏదైనా ఇవ్వజూపినప్పుడో, పని చెప్పినప్పుడో క్రియ లేని ఒంటి అఓరీత జవాబుగా వచ్చిందంటే దాని మీద ఆశ పెట్టుకోకూడదు. గొంతుకు పని ఉండేది కూడా ఇక్కడే. ‘రీ’ని ఎంత సాగదీస్తే ఆ పని అంత దూరం.

ఎదుటివారి ముఖం మీద కాదనడం కష్టమైన చోట ప్రతి భాషా ఇలాంటి దారి ఒకటి వేసుకుంటుంది. మనం ‘చూద్దాం’ అంటాం. ‘ఓ స్త్రీ రేపు రా’ అని ఒకప్పుడు మన ఊళ్లలో తలుపుల మీద, గోడల మీద రాసుకున్నారు. దయ్యాన్ని కూడా రావద్దని అనలేదు, రేపు రమ్మన్నారు. రోజూ చదువుకునే దయ్యానికి రోజూ రేపే. సంతలో ఆ ఆవిడ అన్న అఓరీత కూడా ఈ కోవలోదే. అందులో మోసం లేదు, ఎందుకంటే ఎవరూ మోసపోవడం లేదు.

అన్ని చోట్లా ఇలాగే ఉంటుందా అంటే, ఉండదు. ప్యూర్టో రికోలో, డొమినికన్ రిపబ్లిక్‌లో అఓరీత అంటే మామూలుగా తర్వాత అనో, కాసేపటి క్రితం అనో అర్థం. ‘ఈ క్షణం’ అనే అర్థం అక్కడి వాడుకలో కనిపించదు. మెక్సికో నుంచి వచ్చిన వంటవాడు, ప్యూర్టో రికో నుంచి వచ్చిన వంటవాడు న్యూయార్క్‌లో ఒకే వంటగదిలో పనిచేస్తుంటే తేడా అక్కడ బయటపడుతుంది. ‘అఓరీత ఉల్లిపాయలు కోయి’ అని మొదటివాడు అంటే రెండోవాడు తీరిగ్గా తర్వాత కోస్తాడు. ఇద్దరి మాతృభాషా స్పానిషే, గొంతులో దాపరికమూ లేదు. దేశం మారింది, అంతే.

నన్ను కాదనేవాళ్లకు ఒక బలమైన మాట ఉంది. సంతలో మర్యాద సరే, పని చోట ఇలాంటి మాటతో నష్టం జరగదా, సరుకు ఎప్పుడు వస్తుందో అఓరీత అంటే ఎలా తెలుస్తుంది అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ దానికి జవాబు ఆ భాషలోనే ఉంది. అనుమానం వచ్చిన మెక్సికన్ తోటి మెక్సికన్‌ను ‘అఓరీత అఓరీత?’ అని రెట్టించి అడుగుతాడు. నిజంగా ఇప్పుడేనా అని. లేదా సుమారు ఏ గంటకు అని అడుగుతాడు. వెంటనే క్రియో, గంటో బయటికి వస్తుంది. అడగడం తెలియక ఎదురుచూసినవాడు ఆ నిందను మాట మీద వేయకూడదు.

నాకు కోపం తెప్పించేది సంతలోని అఓరీత కాదు, కార్యాలయం కిటికీ దగ్గరది. అక్కడ క్రియ ఉంటుంది, మనిషి ఉండడు. ‘అఓరీత లో అతియెందో’ అంటే మీ పని నేను చూస్తానని. చెప్పినవాడే పూచీ. కిటికీ దగ్గర వినిపించేది తరచు ‘అఓరీత లో అతియెందెన్’. తేడా క్రియ చివర మాత్రమే. అర్థం మాత్రం ‘చూస్తారు’ అని మారిపోయింది. ఎవరు చూస్తారు? ఆ వాక్యంలో కర్త లేడు. బహువచనం వెనుక ఒక గది, దాని వెనుక మరో గది. మన దగ్గర ‘సారు వస్తారు’, ‘అయిపోతుంది లెండి’ అనే మాటలు విని బల్ల మీద కూర్చున్న ప్రతి పెద్దమనిషికీ ఈ వ్యాకరణం తెలుసు. పింఛను కాగితం పట్టుకుని వచ్చిన ముసలమ్మకు, ఆవిడ ఎక్కడున్నా, అఓరీత ఎంతసేపు అనేది తర్వాతి ప్రశ్న. తన సమయాన్ని ఖర్చు పెడుతున్నది ఎవరనేది మొదటి ప్రశ్న.

సంతలో ఆవిడకు, అమ్మేవాడికి మధ్య ఎక్కువ తక్కువలు లేవు. ఆవిడ కొనకపోతే అతను ఇంకొకరిని పిలుస్తాడు. కిటికీకి అటూ ఇటూ ఆ సమానత లేదు. లోపలివాడు అఓరీత అనగలడు, బయటివాళ్లు అనలేరు. ఫలానా పత్రం తెమ్మని అతను చెబితే ‘అఓరీత’ అని నవ్వి వెళ్లిపోయే వీలు ఆ ముసలమ్మకు లేదు. సంతలో ఎదుటివారి ముఖం చిన్నబోకుండా కాపాడే మాట, ఇక్కడికి వచ్చేసరికి లోపలివాడిని జవాబు చెప్పే పని నుంచి కాపాడుతోంది. కాలమంటే లెక్క లేని జాతి అని ఒక దేశాన్ని మొత్తంగా వెక్కిరించేవాళ్లు ఈ కిటికీని చూడరు. ఎదురుచూసేవాళ్లనే నింద వేయడానికి ఎంచుకుంటారు, వాళ్లకేమో ప్రతి నిమిషమూ లెక్కే.

ఆ కిటికీ దగ్గర ఎప్పుడు అని అడిగితే మళ్లీ అఓరీతే వస్తుంది. అక్కడ అడగాల్సింది ‘కియెన్?’ అని. ఎవరు? పేరు వస్తే, ‘అతియెందెన్’ మళ్లీ ‘అతియెందో’ అయితే, కూర్చోవచ్చు.