ఉచిత పూతరేకుల బహిరంగ రహస్యం

మా గోదారి జిల్లాల్లో వస్తువు మెచ్చుకునేవాడు ముందు తన చుట్టరికం చెప్పుకుంటాడు. "మా బావమరిది కొట్టేనండి, అయినా చెబుతున్నా, కాజా బాగుంటుంది" అంటాడు. వినేవాడు ఆ బావమరిదికి పోవాల్సిన మార్కులు మనసులోనే కోసేసి, మిగతాది నమ్ముతాడు. ఇంత నాగరికత ఉన్న సీమలో పుట్టి మా మేనల్లుడు ఇన్‌స్టాగ్రామ్‌కెక్కాడు.

ఆత్రేయపురం దగ్గర ఓ కొట్టువారు వాడికి రెండు పెట్టెల పూతరేకులు, రీలుకి అయిదు వేలు ఇచ్చారు. వాడి క్యాప్షన్: "ఎందుకోనండి, పొద్దున్నే అమ్మమ్మ గుర్తొచ్చింది..." అమ్మమ్మ ఎదురుగానే కూర్చుని రేకుల పొడి చీర మీంచి దులుపుకుంటోంది. కింద ముప్పై హ్యాష్‌ట్యాగులు. ఇరవయ్యేడోది #ad. అక్కడిదాకా వెళ్లాలంటే more నొక్కాలి. ప్రకటనల ప్రమాణాల మండలి (ఆస్కీ) 2021లోనే ఇలా దాచకూడదంది. సొమ్మే కాదు, ఉచితంగా వచ్చిన పెట్టె కూడా కొట్టుతో సంబంధం కిందే లెక్క.

నేను మందలిస్తే వాడు రెండోది రాశాడు: "ఈ పోస్టు చెల్లింపుతో కూడిన వాణిజ్య భాగస్వామ్యములో భాగముగా రూపొందించబడినది." రావులపాలెం రిజిస్ట్రారాఫీసులో స్టాంపు వేయించుకోవాల్సిన వాక్యం. దాని కిందే "నోట్లో వేస్తే కరిగిపోద్ది బాసూ!" అని ఉంది. పై వాక్యం ప్లీడరుది, కిందది వీడిది. అబద్ధంలా వినపడేది ఆ అతుకే.

మూడోసారి కూర్చోబెట్టి అడిగాను: "ఫ్రెండుకైతే ఎలా చెబుతావురా?" వాడు చెప్పిందే రాసుకున్నాం:

"ప్రకటన. ఇవి నేను కొన్నవి కాదండి, కొట్టువారు రెండు పెట్టెలూ, రీలుకి డబ్బులూ ఇచ్చారు. బెల్లంవి అదిరాయి. పంచదారవి నాకు తీపెక్కువైంది."

రీలు తెలుగులో ఉంది కాబట్టి తెలుగు మాటే చాలు. ఎంతిచ్చారో చెప్పక్కర్లేదు, ఇచ్చారన్నది మొదటి లైన్లో ఉండాలి. ఇన్‌స్టాగ్రామ్ ఇచ్చే Paid partnership గుర్తు కూడా పెట్టించాను. రీలు 45 సెకన్లు. పదిహేను సెకన్లు దాటి రెండు నిమిషాల్లోపు వీడియోకి, ఆస్కీ లెక్కన, మూడో వంతు సేపు ఆ మాట తెర మీద నిలవాలి. అంటే 15 సెకన్లు, సుమారుగా ఒక పూతరేకు మడత విప్పకుండా తినే సమయం. నోటితో కూడా చెప్పించాను; రీళ్లను చూడకుండా వినేవాళ్లూ ఉన్నారు మరి.

సాయంత్రం కొట్టాయన ఫోన్ చేశారు. "ప్రకటన అన్న మాట ఉంచండి బాబూ, పర్లేదు. ఆ పంచదార మాట తియ్యండి. డబ్బులిచ్చి తిట్టించుకోడం మా ఇంటావంటా లేదండి, ఆయ్."

వాడు తియ్యలేదు. ఆ మాట ఒక్కటే వాడి సొంత డబ్బులతో కొన్నట్టుందట. రెండో రీలుకి ఆయన బెల్లంవే పంపారు.