చావుల లెక్కలో బిహార్ కంటే కేరళ వెనక ఎందుకుంది?

2019 నమూనా నమోదు వ్యవస్థ (ఎస్ఆర్ఎస్) లెక్కల ప్రకారం వెయ్యి మంది జనాభాకు కేరళలో 7.1 మంది చనిపోయారు. బిహార్‌లో 5.5 మందే. శిశు మరణాల వరుస చూస్తే కథ తిరగబడుతుంది. పుట్టిన ప్రతి వెయ్యి మందిలో ఏడాది నిండకుండా పోయినవాళ్లు కేరళలో ఆరుగురు, బిహార్‌లో 29 మంది. పసిపిల్లలు దాదాపు అయిదు రెట్లు ఎక్కువగా పోయే చోట మొత్తం చావులు తక్కువెలా అయ్యాయి?

ఊహకు రెండు ఊళ్లు తీసుకుందాం. ఒక్కోదానిలో పది వేల మంది. మొదటి ఊళ్లో అరవై దాటినవాళ్లు 1,500 మంది, వాళ్లలో వెయ్యికి 40 మంది చొప్పున 60 మంది పోతారు. మిగతా 8,500 మందిలో వెయ్యికి ఇద్దరు చొప్పున 17. మొత్తం 77. రెండో ఊళ్లో వైద్యం అంతంతమాత్రం. పెద్దల్లో వెయ్యికి 50 మంది, మిగతావాళ్లలో ముగ్గురు పోతారు. కానీ అక్కడ పెద్దలు 700 మందే. కాబట్టి 35, దానికి 28 కలిపితే 63. ఏ వయసులో చూసినా రెండో ఊళ్లోనే చావు ముప్పు ఎక్కువ. అయినా మరణాల రేటు మొదటి ఊరిదే ఎక్కువ. కేరళ మొదటి ఊరు లాంటిది, బిహార్ రెండో ఊరు లాంటిది.

పెద్దల వాటాలో ఈ తేడా ఎలా వస్తుందో తెలియాలంటే జననాలు, మరణాలు ఏ వరుసలో తగ్గుతాయో చెప్పే జనాభా పరివర్తన నమూనా చూడాలి. దాన్ని బడిలో నాలుగు దశల గ్రాఫ్‌గా చూపిస్తారు. తొలిదశలో జననాలు, మరణాలు రెండూ ఎక్కువ, జనాభా కదలదు. మన దేశంలో 1911-21 అలాంటి దశాబ్దమే. రెండు రేట్లూ వెయ్యికి 48 దరిదాపుల్లో ఉండగా, 1918 ఇన్‌ఫ్లుయెంజా వచ్చి దేశ జనాభా కాస్త తగ్గింది కూడా. ఆ తర్వాత కూడా చాలాకాలం అమ్మమ్మల తరం ఇళ్లలో ‘ఎనిమిది కాన్పులు, అయిదుగురు దక్కారు’ అన్న మాట వినిపించేది. ‘దక్కడం’ అన్న ఆ ఒక్క క్రియలో తొలిదశ అంతా ఉంది.

రెండో దశలో చావులు ముందు తగ్గుతాయి, కాన్పులు వెంటనే తగ్గవు. మలేరియా అదుపులోకి వచ్చింది, మశూచి తగ్గుముఖం పట్టింది, కరవుల్లో ఆకలి చావులు తగ్గాయి. 1971 నాటికి జననాలు 36.9, మరణాలు 14.9. జనం హఠాత్తుగా ఎక్కువమందిని కనడం వల్ల కాదు, ఆ మధ్యనున్న 22 వల్లే దేశం కిక్కిరిసింది. పుట్టినవాళ్లంతా దక్కుతారన్న నమ్మకం కుదరడానికి ఒక తరం పడుతుంది మరి.

మూడో దశలో జననాలు పడిపోతాయి. ఆడపిల్లలకు చదువు, పట్నవాసం, ఆదాయం పెరిగితే ఇది జరుగుతుందని పాఠ్యపుస్తకం చెబుతుంది. కేరళకు చదువు వరకు అది సరిపోయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు సరిపోలేదు. 1991లో ఇక్కడి మహిళల అక్షరాస్యత 33 శాతం కూడా లేదు. అయినా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో ఒక్కో మహిళకు సగటు సంతానం 1992-93లో 2.6 ఉంటే 2005-06కల్లా 1.8కి దిగింది. జనాభా నిలకడకు కావలసిన 2.1 కంటే అది తక్కువ. దారి ఒక్కటే: ఆపరేషన్. చిన్న వయసులో పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, పాతికేళ్లలోపే కుట్లు. మాత్రలు, లూప్ వాడినవాళ్లు నామమాత్రం. నమూనా దశల వరుస చెబుతుందే తప్ప కారణం చెప్పదని నాకు నమ్మకం కలిగించింది మన రాష్ట్రమే.

ఇక నాలుగో దశ: జననాలు, మరణాలు రెండూ తక్కువ. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో జననాలు 15.9, మరణాలు 6.4. సంతానం 2.1 కంటే దిగి ఏళ్లు గడిచినా జనాభా ఇంకా పెరుగుతోందంటే, పెద్ద కుటుంబాల కాలంలో పుట్టిన ఆడపిల్లలు ఇప్పటిదాకా తల్లుల వయసులో ఉండటమే కారణం. ఒక్కొక్కరు తక్కువ కన్నా కనేవాళ్లు ఎక్కువమంది. వాళ్ల వెనక వచ్చే తరం చిన్నది. అందుకే జననాలకు, మరణాలకు మధ్య తేడా రెండు వైపుల నుంచీ మూసుకుపోతుంది: తల్లులు తగ్గి జననాలు పడిపోతాయి, ముసలివాళ్లు పెరిగి మరణాలు లేస్తాయి. రేపు రాష్ట్రంలో మరణాల రేటు 8 అని వార్త వస్తే ఆస్పత్రులను తిట్టేముందు అరవై దాటినవాళ్లెందరో చూడాలి. వైద్యం సంగతి శిశు మరణాలు, ఆయుర్దాయమే చెబుతాయి.

ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న 1994 నాటి నిబంధనను, సంతానం మరీ తగ్గిపోతోందని, ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఎత్తేసింది. అది తీసేయాల్సిందే. కానీ సర్పంచి పదవికి నిలబడేవాళ్లు ఊరికి ఎందరు? ఇరవై నాలుగేళ్లకే ఆపరేషన్ చేయించుకున్న మిగతా ఆడవాళ్లకు ఆ చట్ట సవరణతో పనేముంది?